మెట్ల లైటు డయాగ్రమ్‌లో కరెంటు దారి ఎప్పుడు ఎటు మారుతుంది?

ప్రశ్న: సార్, మాది చీమకుర్తి. ఒంగోలులో ఐటీఐ ఎలక్ట్రీషియన్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. టూ-వే స్విచ్ డయాగ్రమ్ చూడకుండా గీస్తాను. కానీ మా సార్ స్విచ్ పొజిషన్ మార్చి ‘ఇప్పుడు కరెంటు ఎటు పోతుంది’ అంటే చెప్పలేకపోతున్నా. మా మామయ్య ఇంట్లో పై స్విచ్ కొత్తది వేశాక మెట్ల లైటు ఒక్కోసారే వెలుగుతోంది. ఎందుకని అడిగితే తెల్లమొహం వేశాను. ఈ ట్రేడ్ మానేసి కంప్యూటర్ కోర్సులో చేరమంటారా?

జవాబు: ఈ కారణానికి ట్రేడ్ మారొద్దు బాబూ. నువ్వు డయాగ్రమ్‌ని బొమ్మలా గుర్తుపెట్టుకున్నావు, దాని మీద వేలు పెట్టి నడవలేదు. అంతే తేడా. మీ మామయ్య ఇంటి లైటునే తీసుకుని ఒకసారి నడుద్దాం.

టూ-వే స్విచ్ వెనక మూడు టెర్మినల్స్ ఉంటాయి. ఒకటి కామన్, మిగతా రెంటినీ 1, 2 అనుకుందాం. స్విచ్ ఎటు నొక్కినా కామన్ ఆ రెండిట్లో ఒకదానికి తగులుకునే ఉంటుంది. మామూలు వన్-వే స్విచ్‌లాగా ఏమీ తగలకుండా ఖాళీగా ఉండే పొజిషన్ దీనికి లేదు. నీ తికమక అంతా ఇక్కడే మొదలైందని నాకనిపిస్తోంది. ఇందులో ఆన్ వైపు, ఆఫ్ వైపు అంటూ ఉండవు.

ఫేజ్ వచ్చి కింది స్విచ్ కామన్‌లో చేరుతుంది. కింది 1 నుంచి పై 1కి పసుపు వైరు, కింది 2 నుంచి పై 2కి నీలం వైరు వేశామనుకో. పై స్విచ్ కామన్ నుంచి వైరు బల్బుకి పోతుంది. బల్బు రెండో కొస న్యూట్రల్‌కి.

ఇప్పుడు రెండు స్విచ్‌లూ 1 మీద ఉన్నాయి. ఫేజ్ పసుపు వైరు ఎక్కి, పై కామన్ దాటి, బల్బు గుండా న్యూట్రల్‌కి చేరుతుంది. లైటు వెలిగింది. నువ్వు పైకెళ్లి స్విచ్‌ని 2కి మార్చావు. పై కామన్ నీలం వైరును పట్టుకుంది, నీలంలో ఫేజ్ లేదు, లైటు ఆరింది. మరి పసుపు వైరు సంగతి? దాంట్లో ఫేజ్ అలాగే ఉంది. పై స్విచ్ 1 టెర్మినల్ దాకా వచ్చి, ముందుకు దారి లేక ఆగిపోయింది. వోల్టేజ్ ఉంది, కరెంటు పారడం లేదు. తర్వాత ఎవరో కింది స్విచ్‌ని కూడా 2కి మార్చారు. ఫేజ్ పసుపును వదిలి నీలంలోకి వచ్చింది. పై కామన్ అప్పటికే నీలం మీద ఉంది కాబట్టి లైటు మళ్లీ వెలిగింది, ఈసారి వేరే దారిలో. ఇప్పుడు పై స్విచ్‌ని తిరిగి 1కి తెస్తే లైటు ఆరుతుంది, ఫేజ్ నీలంలో ఆగి ఉంటుంది.

ఫేజ్ ఏ వైరులో ఉండాలో కింది స్విచ్ ఒక్కటే తేలుస్తుంది. ఏ వైరును బల్బుకి కలపాలో పై స్విచ్ తేలుస్తుంది. ఆ రెండూ ఒకే వైరైతే లైటు వెలుగుతుంది. మొత్తం 4 పొజిషన్లలో 2 వెలిగేవి, 2 ఆరేవి. లైటు ఆరి ఉన్నా రెండు వైర్లలో ఒకటి ఎప్పుడూ లైవే. అందుకే ‘లైటు ఆపేశాం కదా’ అని ఆ బోర్డు విప్పకూడదు. ముందు ఎంసీబీ దించాలి.

ఇక మీ మామయ్య ఇల్లు. నాలుగు పొజిషన్లూ మార్చి చూడమను. ఒక్కదాంట్లోనే వెలిగి మూడింట్లో వెలగకపోతే, కొత్త స్విచ్ బిగించేటప్పుడు కామన్ తప్పినట్టు అనుమానించు. పసుపు వైరు పై కామన్‌లోకి, బల్బు వైరు 1లోకి పోయాయనుకో. రెండూ 1 మీద ఉంటే పసుపు నుంచి కామన్, అక్కడి నుంచి 1, బల్బు వెలుగుతుంది. కింది స్విచ్ 2కి మారితే ఫేజ్ నీలం ఎక్కి పై 2 దగ్గర ఆగిపోతుంది. పై స్విచ్ 2 మీద ఉంటేనా, పసుపు, నీలం రెండూ ఒకదానికొకటి కలిసిపోతాయి. ఫేజ్ ఒక వైరులో పైకెళ్లి రెండో వైరులో కిందికి దిగి, కింది స్విచ్‌లో ఖాళీగా ఉన్న టెర్మినల్ దగ్గర ఆగుతుంది. బల్బుకి దారే లేదు. అందుకే పై స్విచ్ ఒక వైపు ఉన్నంతసేపు కింది స్విచ్ ఎంత నొక్కినా లైటు రాదు. షార్ట్ అవ్వదు, ఎంసీబీ పడదు. దాంతో చాలామంది బల్బునో స్విచ్‌నో అనుమానించి మళ్లీ కొత్తది కొంటారు.

అయితే తొందరపడకు. నీలం వైరు తెగినా, దాని స్క్రూ లూజైనా సరిగ్గా ఇలాగే 4లో ఒక్కసారే వెలుగుతుంది. లైటును చూసి ఈ రెండిటినీ విడదీయలేం. వేరు చేసేది ఒక్క పరీక్ష. పై స్విచ్‌ని లైటు వెలిగే వైపే ఉంచి, కింది స్విచ్‌ని మాత్రం రెండో వైపుకి మార్చి, పై బోర్డులో నీలం వైరు కొసన ఫేజ్ ఉందేమో చూడాలి. ఉంటే వైరు బాగానే ఉంది, తప్పు పై స్విచ్ కనెక్షన్‌లోనే. లేకపోతే తప్పు వైరులోనో కింది బోర్డులోనో ఉంది. ఇక్కడ నియాన్ టెస్టర్‌ని పూర్తిగా నమ్మొద్దు. రెండు వైర్లూ ఒకే పైపులో పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి, లైవ్ వైరు పక్కనున్న తెగిన వైరు కూడా టెస్టర్‌ని మసకగా వెలిగిస్తుంది. డిజిటల్ మల్టీమీటర్ కూడా కొన్ని పదుల వోల్టులు చూపించవచ్చు. టెస్ట్ ల్యాంప్ పట్టుకుంటే నిజం తేలుతుంది, దానికి న్యూట్రల్ పక్కనున్న సాకెట్ నుంచి తీసుకోవచ్చు. కొన్ని ఇళ్లలో మెట్ల దగ్గర ఎల్ఈడీ బల్బు ఆపేసినా సన్నగా మినుకుమినుకుమనేది చాలావరకు ఈ పక్క వైరు ప్రభావం వల్లే.

పై బోర్డులో మూడు వైర్లూ ఒకే రంగులో ఉంటే బల్బు వైరు ఏదో ఎలా పోల్చుకోవాలి? ఎంసీబీ దించి మూడింటినీ విప్పి, కొసలు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఉంచి, ఎంసీబీ ఎత్తాలి. కింది స్విచ్ అటూ ఇటూ మారుస్తుంటే రెండు వైర్లలో ఫేజ్ మార్చి మార్చి వస్తుంది. ఏ పొజిషన్‌లోనూ ఫేజ్ రానిదే బల్బు వైరు. మళ్లీ ఎంసీబీ దించి దాన్ని కామన్‌లో బిగించాలి. చాలా స్విచ్‌లలో మధ్యదే కామన్, కానీ దాని మీద గుర్తు చూడకుండా బిగించకు. లైవ్‌లో చేసే ఈ పరీక్షలు ఒంటరిగా వద్దు. మీ ఇన్‌స్ట్రక్టర్‌నో, లైసెన్స్ ఉన్న వైర్‌మన్‌నో పక్కన ఉంచుకో.

పసుపు, నీలం తారుమారై, అంటే పసుపు పై 2కి, నీలం పై 1కి పోతే ఏమవుతుందో నువ్వే గీసి చూడు. లైటు చక్కగా పనిచేస్తుంది, వెలిగే రెండు పొజిషన్లు మారతాయంతే. ప్రాక్టికల్ పరీక్షలో దాన్ని తప్పనుకుని కంగారుగా విప్పేవాళ్లను చూశాను.

ఇంటికెళ్లి ఒకే డయాగ్రమ్‌ని నాలుగుసార్లు, నాలుగు పొజిషన్లలో గియ్యి. ఫేజ్ చేరిన భాగమంతా ఎర్ర పెన్నుతో, నిజంగా కరెంటు పారే దారి దాని పక్కనే పచ్చ పెన్నుతో. ఎర్ర గీత ఎక్కడ ఆగిందో చెప్పగలిగితే మీ సార్ ప్రశ్నకు జవాబు వచ్చినట్టే.

అది వచ్చాక, మోటారును నేరుగా సప్లైకి కలిపే డీఓఎల్ స్టార్టర్ కంట్రోల్ డయాగ్రమ్ మీద ఇదే పని చెయ్యి. మీ ఊరి గ్రానైట్ యూనిట్లలో కటింగ్, పాలిషింగ్ యంత్రాలు నడిచేది మోటార్ల మీదే. అక్కడ ఎలక్ట్రీషియన్‌కి రోజూ ఎదురయ్యేవి ఈ స్టార్టర్లు. స్టార్ట్ బటన్ నొక్కినప్పుడు కరెంటు బటన్ గుండా కాంటాక్టర్ కాయిల్‌కి చేరుతుంది, కాయిల్ లాగగానే కాంటాక్టర్ మూసుకుని మోటారుకి కరెంటు కలుపుతుంది. బటన్ వదిలేసినా కాంటాక్టర్ పడిపోదు, ఎందుకంటే అప్పటికే దాని సొంత ఆక్సిలరీ కాంటాక్ట్ మూసుకుని బటన్‌కి పక్కదారి ఏర్పడింది. మోటారు బటన్ నొక్కినంతసేపే తిరిగి, వదలగానే ఆగిపోతోందంటే ఆ పక్కదారి తెగిందన్నమాట. మెట్ల లైటు దారి పట్టుకున్నవాడు దీన్ని కూడా డయాగ్రమ్ మీదే పట్టుకోగలడు.