ఎల్‌ఈఆర్ లెక్కలో హారంగా ఏది తీసుకోవాలి: ఆ బ్లాకులోని ఏకపంట దిగుబడా, అన్ని బ్లాకుల సగటా?

ప్రశ్న: మొక్కజొన్నలో అలసందను అంతరపంటగా వేసి నాలుగు బ్లాకుల్లో ప్రయోగం చేశాను. అంతరపంట ఇచ్చినంత దిగుబడి ఏకపంటలుగా వేస్తే రావడానికి ఎన్ని రెట్ల నేల కావాలో చెప్పే భూ సమానతా నిష్పత్తిని, అంటే ఎల్‌ఈఆర్‌ను, ఒక్కో బ్లాకుకు విడిగా లెక్కిస్తే 1.08 నుంచి 1.45 వరకు వస్తోంది. ఇంత తేడా ఎందుకు? ఈ విలువలతో అనోవా చేయవచ్చా?

జవాబు: ఇవే రెండు పంటలతో నేను చేసిన ప్రయోగంలోనూ బ్లాకుల వారీ ఎల్‌ఈఆర్ ఇలాగే చెదిరిపోయింది. కారణం వెతికితే అంతరపంట ప్లాట్లలో ఏమీ దొరకలేదు. అది ఏకపంట అలసంద ప్లాట్లలో ఉంది. మీ విలువలకు దగ్గరగా ఉండేలా సరళం చేసిన అంకెలతో వివరిస్తాను.

ఏకపంట మొక్కజొన్న నాలుగు బ్లాకుల్లో వరుసగా హెక్టారుకు 5.6, 4.8, 5.2, 4.4 టన్నులు, ఏకపంట అలసంద 1.3, 0.7, 1.1, 0.9 టన్నులు దిగుబడి ఇచ్చాయనుకుందాం. అంతరపంట ప్లాట్లలో మొక్కజొన్న 4.3, 4.1, 4.2, 3.8 టన్నులు, అలసంద 0.40, 0.42, 0.45, 0.41 టన్నులు వచ్చాయి. ప్రతి బ్లాకులోనూ అంతరపంట దిగుబడిని అదే బ్లాకు ఏకపంట దిగుబడితో భాగించి కలిపితే ఎల్‌ఈఆర్ 1.08, 1.45, 1.22, 1.32 అవుతుంది. రెండో బ్లాకు అన్నిటికన్నా మెరుగ్గా కనిపిస్తోంది గానీ, అక్కడి అంతరపంటలో ప్రత్యేకత ఏమీ లేదు. ఏకపంట అలసంద ప్లాటులో నీరు నిలిచి మొక్కలు చనిపోవడంతో హారం 0.7కు పడిపోయింది, ఆ పంట పాక్షిక ఎల్‌ఈఆర్ 0.60కి ఎగబాకింది. పంట దెబ్బతిన్న ప్లాటు ఒక్కటి పక్కనున్న ప్లాటు ఘనతగా లెక్కల్లోకి వచ్చేసిందన్నమాట.

ఇప్పుడు నాలుగు బ్లాకులకూ ఒకే హారాన్ని, అంటే ఏకపంటల సగటులైన 5.0, 1.0 టన్నులను వాడండి. విలువలు 1.26, 1.24, 1.29, 1.17గా మారతాయి. సగటు 1.27 నుంచి 1.24కు మాత్రమే తగ్గింది, చెదురు మాత్రం బాగా అణిగిపోయింది. ఒయెజోలా, మీడ్ 1982లో వివిధ హారాలను పోల్చి చూసి, బ్లాకు బ్లాకుకూ హారాన్ని మార్చవద్దనే సూచించారు. నిష్పత్తిలో హారం కూడా ఊగిసలాడితే విలువల పంపిణీ ఒకవైపుకు సాగి, అనోవా కోరే సాధారణ పంపిణీకి దూరమవుతుంది. మీ దత్తాంశంలో జరిగింది ఇదేనా అని తెలుసుకోవడానికి పాక్షిక ఎల్‌ఈఆర్‌ను ఏకపంట దిగుబడికి ఎదురుగా గ్రాఫ్‌లో గీయండి. బిందువులు ఎడమ నుంచి కుడికి దిగుతూ పోతే హారాన్ని అనుమానించవచ్చు. కోతనాటి మొక్కల లెక్క రాసిపెట్టుకొని ఉంటే ఆ అనుమానం తీరిపోతుంది.

కాబట్టి స్థిర హారంతో వచ్చిన విలువలతో అనోవా చేయవచ్చు, అయితే దానికి ఒక పరిమితి ఉంది. వేర్వేరు వరుసల నిష్పత్తులు, వేర్వేరు విత్తే తేదీలు వంటి అంతరపంట పద్ధతులను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది సరిపోతుంది. ఎల్‌ఈఆర్ 1 కంటే నిజంగా ఎక్కువా అన్న ప్రశ్నకు మాత్రం సరిపోదు, ఎందుకంటే 5.0, 1.0 కూడా నాలుగేసి ప్లాట్ల నుంచి వచ్చిన అంచనాలే, వాటి అనిశ్చితి ఆ ప్రామాణిక దోషంలో చేరదు. దాన్ని డెల్టా పద్ధతితో విడిగా కలపాలి. తరువాతి ప్రయోగంలో ప్రతి బ్లాకులోనూ ఒక్కో ఏకపంటకు రెండేసి ప్లాట్లు కేటాయిస్తే, ఎంత లెక్కలు కట్టినా రాని నమ్మకం వస్తుంది.

నా దృష్టిలో హారం సగటు కన్నా ముఖ్యమైనది ఏకపంట విత్తిన సాంద్రత. అంతరపంటలో అలసందకు వాడిన వరుసల ఎడాన్నే ఏకపంటకూ ఉంచితే, ఆ ప్లాటులో ఖాళీ మిగిలిపోయి దిగుబడి తక్కువగా వస్తుంది. దగ్గర వరుసల్లో విత్తిన ఏకపంట 1.2 టన్నులు ఇవ్వగలిగితే, పై ఉదాహరణలో అలసంద వాటా 0.42 నుంచి 0.35కు, మొత్తం ఎల్‌ఈఆర్ 1.17కు తగ్గుతుంది. ఒక్క ఎడం వల్ల మీరు చూపిన లాభంలో నాలుగో వంతుకు పైగా మాయమైనట్టే. అందుకే ఏకపంటను దానికి అనువైన సాంద్రతలో వేసి, ఆ సాంద్రత ఎంతో నివేదికలో రాయాలి.

కాలం సంగతి కూడా చూడండి. మొక్కజొన్న 110 రోజులు, అలసంద 75 రోజులు నేలలో ఉంటే, 1.24 అన్న అంకె అలసంద ఏకపంట పొలాన్ని కూడా 110 రోజులు కట్టేసినట్టు లెక్కిస్తుంది. హీబ్ష్, మెక్‌కొల్లమ్ 1987లో ప్రతిపాదించిన కాలంతో సవరించిన నిష్పత్తి ప్రకారం 0.82ను 110తోనూ, 0.42ను 75తోనూ గుణించి, మొత్తాన్ని 110తో భాగిస్తే 1.11 వస్తుంది. అలసంద కోశాక ఆ నేలలో మరో పంట వేసే వీలుంటే 1.11 నిజానికి దగ్గర. నీరు లేక నేల ఖాళీగా ఉండిపోయేటట్లయితే 1.24ను నిలబెట్టుకోవచ్చు.