కారు కరెంటు: ఇంటికి సరే, డిస్కంకి కుదురుతుందా?

ప్రశ్న: మా నెక్సాన్ ఈవీ 45లో వీటూఎల్ ఉంది, అంటే కారు బ్యాటరీ నుంచి బయటి పరికరాలకు కరెంటు తీసుకోవచ్చు. రెండు చివర్లా ప్లగ్ ఉన్న వైరు చేయించి, కరెంటు పోయినప్పుడు కారు నుంచి హాల్లో సాకెట్‌కి పెడితే ఇల్లంతా వెలుగుతుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. మేడ మీద సోలార్, నెట్ మీటర్ కూడా ఉన్నాయి. కారులో మిగిలిన కరెంటును డిస్కంకి అమ్ముకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ వైరు మాత్రం చేయించకండి. ఒక చివర కారులో ఉండగా రెండో చివర సాకెట్‌లోంచి ఊడిందంటే, బయటికి కనిపించే ఆ పిన్నుల్లో 230 వోల్టులు ఉంటాయి. మెయిన్ ఆఫ్ చేయడం మరిచిపోతే మీ కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి మీ 230 వోల్టులు అవతల 11 వేలు కావచ్చు. లైన్ చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పోయిన కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో రెండూ ఢీకొని కారు వైపు ఎలక్ట్రానిక్స్ కూడా పోవచ్చు.

మీ ఇంట్లో ఇంకో చిక్కు కూడా ఉంది. పగలు కారు కరెంటు ఇంటి వైరింగ్‌లోకి రాగానే సోలార్ ఇన్వర్టర్ దాన్ని చూసి, లైన్ వచ్చేసిందనుకుని మేలుకుంటుంది. ప్యానెళ్ల కరెంటునంతా అటే తోస్తుంది. ఇంట్లో వాడకం తక్కువగా ఉంటే మిగిలినదంతా కారు వైపు పోవాలి, కానీ వీటూఎల్ ఇవ్వడానికే తప్ప తీసుకోవడానికి కాదు. వోల్టేజి పెరిగి అయితే ట్రిప్ అవుతుంది, లేదంటే ఏదో ఒకటి కాలుతుంది.

సరైన దారి చేంజోవర్ స్విచ్. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, వైఫై ఉన్న సర్క్యూట్లను విడదీసి, ఫేజ్, న్యూట్రల్ రెండూ మారే డబుల్ పోల్ స్విచ్ పెట్టించండి. అప్పుడు అవి లైన్‌ మీదైనా ఉంటాయి, కారు మీదైనా ఉంటాయి, రెండిటి మీదా ఒకేసారి ఉండలేవు. సోలార్ కనెక్షన్‌ను లైన్ వైపే ఉంచమనండి. ఎర్తింగ్ సంగతి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ సంగతి కూడా అడగండి. కొన్ని కార్ల సరఫరాలో న్యూట్రల్‌కి ఎర్త్ ఉండదు, టెస్టర్ పెడితే సాకెట్ రెండు రంధ్రాల్లోనూ మసకగా వెలుగుతుంది. అలాంటప్పుడు ఇంట్లోని ఆర్‌సీసీబీ షాక్ తగిలినా పడకపోవచ్చు.

మీ కారు గరిష్ఠంగా 3.3 కేవీఏ ఇస్తుంది. నాలుగు ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు కలిపి గంటకు అర యూనిట్ అనుకుందాం. పది గంటల రాత్రికి అయిదు యూనిట్లు. 45 యూనిట్ల బ్యాటరీలో అది తొమ్మిదో వంతు, నష్టాలు కలిపినా ఎనిమిదో వంతు. ఒక ఏసీ నడిచినా తెల్లారేసరికి కారు ఆఫీసుకు వెళ్లగలదు. అయితే ఏసీ, గీజరు కలిపి వేస్తే హద్దు దాటుతుంది. బోరు మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కన్నా కొన్ని రెట్లు లాగుతుంది కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపొద్దు.

ఇక అమ్మడం. వీటూఎల్‌లో కారే యజమాని, 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అదే తయారు చేస్తుంది. డిస్కం లైన్‌లోకి పంపాలంటే మాత్రం యజమాని లైన్. దాని కరెంటు తరంగంతో అడుగు కలిపి నడవాలి, లైన్ పోగానే ఆగిపోవాలి. ఎండ మండుతున్నా కరెంటు పోగానే మీ సోలార్ ఆగిపోవడం చూసే ఉంటారు. అది లోపం కాదు, ఆ లైన్‌మన్ కోసం పెట్టిన నియమం. కాబట్టి అమ్మకం కోసం పెట్టిన ఏర్పాటు ఒక్కటే ఉంటే కరెంటు పోయినప్పుడు ఇల్లు కూడా చీకటే. రెండూ కావాలంటే ఇంటిని లైన్ నుంచి విడగొట్టే పెట్టె విడిగా ఉండాలి. 2011 భూకంపం తర్వాత జపాన్‌లో నిస్సాన్, నిచికాన్ కలిసి 2012లో లీఫ్ కారుకు తెచ్చిన 6 కిలోవాట్ల యంత్రం ఇంటి కోసమే, అమ్మకానికి కాదు.

మీ నెట్ మీటర్ ఒప్పందం మేడ మీది ప్యానెళ్లకే, కారుకు వర్తించదు. ఒకవేళ ఒప్పుకున్నారే అనుకుందాం. లైన్ నుంచి పది యూనిట్లు కొని కారులో పోస్తే, తిరిగి ఇచ్చేటప్పటికి ఎనిమిదే మిగులుతాయి, మిగతా రెండూ వేడిగా పోతాయి. పగలూ రాత్రీ ఒకే ధర ఉంటే ప్రతిసారీ ఆ రెండు యూనిట్లు మీ నష్టమే. రాత్రి చవకగా కొని సాయంత్రం బాగా ఎక్కువ ధరకు ఇచ్చే వీలుంటేనే లెక్క కుదురుతుంది. అందుకూ మీ వీటూఎల్ అడాప్టర్ పనికిరాదు. లైన్‌తో తరంగం కలిపే చార్జర్, దానికి ఒప్పుకునే కారు, వచ్చిందీ పోయిందీ లెక్కించే మీటరు, డిస్కం అనుమతి, అన్నీ కావాలి. ఎలక్ట్రీషియన్‌కి ఈ వారం చెప్పాల్సింది చేంజోవర్ గురించే.