ఇద్దరికీ థర్మోబ్లాక్ చాలు

"విజయనగరంలో ఉంటాం, ఇద్దరమే. పొద్దున్న రెండు పాల కాఫీలు. ఏ ఎస్ప్రెస్సో మిషన్ కొనాలి?"

థర్మోబ్లాక్ మిషన్ తీసుకోండి. అందులో నీళ్లు సన్నని దారిలో పోతూనే వేడెక్కుతాయి, కొద్ది నిమిషాల్లో సిద్ధం. కాఫీ దించాక పాలు కాచే ఆవిరికి కాసేపు ఆగాలి, అంతే.

శ్రీకాకుళంలో మా ఇంట్లో హీట్ ఎక్స్ఛేంజర్ మిషన్ ఉంది. కాఫీ, ఆవిరి ఒకేసారి వస్తాయి. కానీ వేడెక్కడానికి అరగంట పడుతుంది. పైగా ఆవిరి బాయిలర్ మధ్యగా పోయే కాఫీ గొట్టంలో నిలిచిన నీళ్లు మరీ కాగిపోతాయి. అందుకే కాఫీకి ముందు కొన్ని నీళ్లు వదిలేయాలి. మొదట బుస్సుమని చిమ్ముతాయి, ఆ చప్పుడు ఆగి ధార సాఫీగా పడ్డాకే పొడి బిగించాలి. మరిస్తే కాఫీ మాడు చేదు.

కాఫీకి, ఆవిరికి వేర్వేరు బాయిలర్లుండే డ్యూయల్ బాయిలర్‌కి ఈ బాధ లేదు, ఖరీదెక్కువ. తక్కువ వేపిన అరకు గింజలకు నీళ్ల వేడిని డిగ్రీ డిగ్రీ మార్చి చూస్తానంటేనే దాని జోలికి వెళ్లండి.