డాక్టర్ సలహా: ఒకరోజు దడ, ఒకరోజు మొద్దుబారడం... ధ్యానం పడట్లేదు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 34. ఏడాది కిందట బైక్ యాక్సిడెంట్ అయింది. గాయాలు మానాయి. కానీ హారన్ వినగానే గుండె దడదడలాడుతుంది, ఇంట్లో వాళ్ల మీద అరిచేస్తాను. కొన్ని రోజులేమో ఒళ్లూ మనసూ మొద్దుబారి, పిలిచినా పలకాలనిపించదు. వీడియోలు చూసి కళ్లు మూసుకుని ధ్యానం చేస్తే ఇంకా మొద్దుబారుతోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ధ్యానం చెడ్డదని కాదు, మీరు దాన్ని చేస్తున్న సమయం సరైంది కాదు. ఒత్తిడి ఉన్నా ఆలోచించగలిగే, ఎదుటివాళ్ల మాట వినగలిగే ఒక పరిధి మనందరికీ ఉంటుంది. దాన్ని డాన్ సీగెల్ అనే సైకియాట్రిస్టు 1999లో ‘విండో ఆఫ్ టాలరెన్స్’ అన్నారు. మీకు జరిగినలాంటి ప్రమాదం తర్వాత అది ఇరుకవుతుంది, నిద్ర తక్కువైనా అంతే. దాన్ని పైకి దాటితే దడ, కోపం. కిందికి జారితే మొద్దుబారడం. చాలామందికి గంటల తరబడి టెన్షన్‌లో ఉన్నాక ఈ రెండోది వస్తుంది, కాబట్టి ఏది ముందొచ్చిందో ఒక వారం రాసి చూడండి.

హారన్‌కి దడ మొదలైతే బండి పక్కకి ఆపి, రెండు పాదాలూ నేలకి గట్టిగా నొక్కి, 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి 6 నుంచి 8 అంకెల దాకా నెమ్మదిగా వదలండి, రెండు మూడు నిమిషాలు చాలు. పెద్దపెద్ద శ్వాసలు వద్దు, వాటితో వేళ్లు తిమ్మిరెక్కి తల తిరిగి భయం పెరుగుతుంది. మొద్దుబారినప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం: కళ్లు మూయొద్దు, పడుకోవద్దు. లేచి నిలబడి చన్నీళ్లతో ముఖం కడుక్కోండి, నిమ్మచెక్క చప్పరించండి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు పైకి చదవండి, వీలైతే వీధి చివరిదాకా నడవండి. ఇలా తేరుకునేటప్పుడు కాస్త వణుకో ఏడుపో రావచ్చు, అప్పుడు వేగం తగ్గించండి చాలు. ఆకలి తెలియడం, ఇంట్లో వాళ్లు అడిగినదానికి చిరాకు లేకుండా జవాబివ్వగలగడం... ఇవి కనిపిస్తే మళ్లీ పరిధిలోకి వచ్చినట్టే.

‘విండో ఆఫ్ టాలరెన్స్’ అనేది జబ్బు పేరు కాదు, ఏ స్కాన్‌లోనూ కనిపించదు. అందుకే వేరే కారణాలు చూడాలి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. ఆ రోజు తలకి దెబ్బ తగిలిందా? మొద్దుబారిన ఆ కాసేపు ఏం జరిగిందో అసలు గుర్తుండకపోతే అది ఫిట్స్ కూడా కావచ్చు, న్యూరాలజిస్టుకి తప్పక చెప్పండి. నిద్ర కోసమని మద్యం తాగుతుంటే మాత్రం ముందు అది మానాలి, అయితే రోజూ తాగే అలవాటైతే ఒక్కసారిగా కాదు, డాక్టర్ సాయంతోనే. ఏడాదైనా తగ్గలేదంటే సైకియాట్రిస్టుని కలవాల్సిందే, ప్రమాదం జ్ఞాపకాల మీద నేరుగా పనిచేసే థెరపీలున్నాయి. చచ్చిపోవాలనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఇంట్లో చెప్పండి, వెంటనే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.