పోగొట్టుకున్న 20 నిమిషాల గురించి రాయండి

ప్రశ్న: ఇంజినీర్లు చదివేలా ఒక వ్యాసం రాయమని మా కంపెనీలో అడిగారు. ఏం రాసినా చివరికి ప్రకటనలాగే తయారవుతోంది. ఎలా రాయాలి?

నెల్లూరులో రొయ్యల గుంటలకు ఆక్సిజన్ కొలిచే పరికరాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో నేను సాఫ్ట్‌వేర్ రాస్తాను. నాకూ ఒకసారి ఇదే పని అప్పగించారు. నా మొదటి ప్రతి "ఆక్వా రంగంలో డిజిటల్ విప్లవం" అని మొదలైంది. మా సీనియర్ ఒకాయన దానిలో మా సంస్థ పేరు ఉన్నచోటల్లా పోటీ సంస్థ పేరు పెట్టి నాకే తిరిగి పంపారు. చదివితే ఒక్క వాక్యమూ తప్పు కాలేదు. అంటే అందులో మాకు మాత్రమే తెలిసిన విషయం ఒక్కటీ లేదన్నమాట.

రెండో ప్రతిని మా పొరపాటుతోనే మొదలుపెట్టాను. విడవలూరు వైపు ఒక రాత్రి కరెంటు పోయి సెల్ టవరు ఆగింది. తెల్లవారుజామున అది తిరిగి పనిచేయగానే, బ్యాటరీ మీద నడుస్తూ రీడింగులు పోగుచేసుకున్న సుమారు 400 పరికరాలు ఒక్కసారిగా మా సర్వర్ మీద పడ్డాయి. తిరస్కరణకు గురైన ప్రతి పరికరమూ సరిగ్గా 5 సెకన్లకు మళ్లీ ప్రయత్నించేలా నేనే రాశాను కనుక, ఆ గుంపు చెదరకుండా పదే పదే వచ్చి సర్వర్‌ను 20 నిమిషాలపాటు లేవనివ్వలేదు. గుంటలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే సమయం కూడా అదే.

దిద్దుబాటు ఒక్క వరుస. విఫలమైన ప్రతిసారీ రెట్టింపవుతూ 300 సెకన్లు మించని గడువులో, ప్రతి పరికరమూ తనకు తోచిన ఏదో ఒక క్షణం వరకు ఆగుతుంది:

```python
wait = random.uniform(0, min(300, 5 * 2**attempt))
```

ఈ మందు పాతదే, చదివే ఇంజినీర్లలో చాలామందికి తెలిసినదే. అక్కడితో ఆపితే వ్యాసం పాఠ్యపుస్తకంలో ఒక పేజీ అవుతుంది. మేము చెప్పగలిగింది దాని తర్వాతి సంగతి. ఈ పద్ధతిలో టవరు వచ్చాక కూడా ఒక పరికరం 5 నిమిషాల వరకు మౌనంగా ఉండవచ్చు. రీడింగులకు ఆ ఆలస్యం పరవాలేదు కానీ, నీటిలో గాలి కలిపే ఏరేటర్ వేయమని రైతును లేపే హెచ్చరికకు పనికిరాదు. అందుకే హెచ్చరికను సర్వర్ నుంచి తప్పించి, గుంట గట్టు మీది పరికరంలోనే సైరన్‌గా పెట్టాము. ఏది ఆలస్యమైనా పరవాలేదో, ఏది ఆలస్యం కాకూడదో ఎలా విడదీశామన్నదే వ్యాసంలో సగభాగం ఆక్రమించింది.

మార్కెటింగ్ వారు "20 నిమిషాలు" అన్న మాట తీసేయమన్నారు. అది తీసేస్తే మిగతాది ఎవరూ నమ్మరని నేను పట్టుబట్టాను. బదులుగా, ఉత్పత్తి పేరు చివరి వాక్యంలో ఒక్కసారి రావడానికి ఒప్పుకున్నాను.

వ్యాసం చదివిన ఒక ఇంజినీరు, "`attempt` ను కనెక్షన్ దొరకగానే సున్నా చేస్తున్నారా, లేక రీడింగులు పూర్తిగా చేరాకనా?" అని అడిగారు. అప్పటికి మేము కనెక్షన్ దొరకగానే చేస్తున్నాము. అంటే మధ్యలో తెగిన పరికరం మళ్లీ మొదటి ప్రయత్నం చేస్తున్నట్లే తొందరపడుతుంది. ఆ సాయంత్రమే సరిచేసి, వ్యాసం కింద ఆ సంగతి కూడా చేర్చాము.