చిన్నీకి, చేతి మైకు మోత గురించి

చిన్నీ,

పాతబస్తీ ఇరానీ హోటళ్లలో పనిచేసిన పెద్దవాళ్ల మాటలు రికార్డు చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! నువ్వు పంపిన ముక్క వినగానే మాత్రం కంగారు పట్టింది. రోడ్డు మీది బస్సులన్నీ అందులోనే ఉన్నాయి. పైగా నీ ఉంగరం మైకుకు తగిలి ధబ్ ధబ్.

ఉంగరం తీసెయ్. పట్టు మార్చకు. వైరు ఒక చుట్టు తిప్పి మైకుతో పాటే పట్టుకో. ఇంటికొచ్చాక హెడ్‌ఫోన్స్‌లోనే విను. ల్యాప్‌టాప్ స్పీకర్లు ఆ కింది మోతను పలికించలేవు, ఉందో పోయిందో నీకు తెలియదు.

ఆడియో ఎడిట్ చేసే Audacityలో మొత్తం సెలెక్ట్ చేసి, కింది మోతను కోసే High-Pass Filter తెరువు. Frequency 80, Roll-off 24 పెట్టు. 80 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా మొదలయ్యే కోత, 40కి వచ్చేసరికి దాదాపు 24 డెసిబెల్స్ అవుతుంది. నీ ముక్క మీద చేసి చూశాను. బస్సుల మోత చాలావరకు పోయింది, పెద్దాయన గొంతు అలాగే ఉంది. మగవాళ్ల గొంతులో అన్నిటికంటే కింది స్వరం చాలామందికి 85 నుంచి 155 హెర్ట్జ్ మధ్య ఉంటుంది మరి.

కానీ ఒకసారి శుభ్రమయ్యాక ఇంకొంచెం పెంచుదామనిపిస్తుంది. నాకు భయమంతా అక్కడే. నేను పనిచేసిన స్టూడియోలో ఒకాయన ఒగ్గు కథ రికార్డింగ్‌కి 200 దగ్గర, 48 రోల్-ఆఫ్‌తో కోత పెట్టాడు. మోత పోయింది, నిజమే. దాంతో పాటు డోలు గుండె కూడా పోయింది, అట్టపెట్టె మీద కొట్టినట్టు టపటపలాడింది. కథకుడి గొంతు ఫోన్‌లో మాట్లాడినట్టు పీలగా అయిపోయింది. అంతటితో ఆగక దాన్నే అసలు ఫైల్ మీద సేవ్ చేశాడు! తర్వాత బాస్ ఎంత పెంచినా ఆ గొంతు రాలేదు. ఆ కథకుడు ఇప్పుడు లేడు. ఆయన కొడుకు వచ్చి అడిగితే ఇవ్వడానికి ఆ పీల గొంతే ఉంది. అందుకే అంటున్నా, అసలు ఫైల్ ముట్టుకోకు తల్లీ, కాపీ మీదే ఆడుకో.

ఇక ఉంగరం దెబ్బలు. 80 కోతతో ధబ్ కాస్తా టక్ అవుతుంది, పూర్తిగా పోదు. దెబ్బ తగిలిన క్షణంలో పై శబ్దాలు కూడా ఉంటాయి కదా. మాటల మధ్య ఖాళీలో పడితే ఆ ముక్క మ్యూట్ చేసి, అదే గదిలో ఎవరూ మాట్లాడని చప్పుడు అక్కడ అతికించు. నీ ముక్కలో ఒకటి సరిగ్గా 'చాయ్' అనే మాట మీద పడింది. అలాంటప్పుడు దెబ్బ ఉన్న ఆ కాసింత మాత్రమే సెలెక్ట్ చేసి 150 లేదా 200 పెట్టి చూడు. గొంతు ఒక్క రెప్పపాటు పలచబడుతుంది, ఎవరూ పట్టించుకోరు. దెబ్బకి లెవెల్ దాటి వేవ్ పైన నరికినట్టు చదునుగా కనిపిస్తే, ఫిల్టర్ దాన్ని బాగుచేయలేదు.

ఇదంతా అయ్యాకే, పెద్ద శబ్దాలను అణిచే కంప్రెసర్. ముందే పెడితే ఒక్కో ధబ్‌కీ పెద్దాయన మాట కిందికి దిగిపోతుంది.

నీ మైకు మీద, కింది మోతను రికార్డింగ్‌లోనే కోసే లో-కట్ స్విచ్ ఉందో లేదో ఫొటో తీసి పంపు.

మామయ్య