బుట్ట కొనేముందు తలుపు తెరిచి కొలువు

విజయనగరం

అమ్మలూ,

నువ్వు పంపిన వంటగట్టు కింది అలమర ఫోటో చూశాను. రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని మూలమూలా చూశాను. కింద కుక్కరు మీద మూకుడు, మూకుడులో పెనం, పెనంలో చిల్లుల గరిటె. పక్కన మిక్సీ జార్లు పడుకుని ఉన్నాయి. పై అరలో పప్పుల డబ్బాలు రెండు మూడు వరుసలు, వాటి మీద సగం వాడి రబ్బరు బ్యాండు వేసిన ప్యాకెట్లు. మూతలు ఎక్కడ సందు దొరికితే అక్కడ దూర్చావు. వెనక మూలలో మెరుస్తున్నది మీ అమ్మమ్మ బుడితి ఇత్తడి గిన్నే కదూ? దాని అంచు పచ్చబడినట్టు కనిపిస్తోంది, ముందు దాన్ని బయటికి తియ్యి.

"చోటు చాలటం లేదు పెద్దమ్మా, ఇంకో అలమర కొనాలి" అన్నావు. వద్దమ్మా. నిన్న ఫోనులో నువ్వు చెప్పిన కొలతలు కాగితం మీద గీసుకుని చూశాను. లోపల వెడల్పు 34 అంగుళాలు, లోతు 20. కింది అర ఎత్తు 15, పై అర ఎత్తు 12. మధ్యలో ఉన్న కడప బండ లోతు 16 అంగుళాలే, అంటే తలుపుకీ బండకీ మధ్య 4 అంగుళాల ఖాళీ ఉంది. ఇది చిన్న అలమర కాదు. నీ ఇబ్బంది అంతా రెండు చోట్ల ఉంది. లోతు ఎక్కువ కాబట్టి వెనక ఉన్నది కనిపించదు, ముందున్నవన్నీ తీస్తేనే అందుతుంది. ఎత్తు మిగిలింది కాబట్టి ఒకదాని మీద ఒకటి పేర్చావు, అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ దించాలి. ఏ వస్తువైనా ఒంటి చేత్తో, పక్కది కదపకుండా బయటికి రావాలి. నేను చెప్పేవన్నీ అందుకోసమే.

బజారుకి వెళ్ళేముందు ఒక్క కొలత మళ్ళీ తీసుకో. నేను ఇక్కడే దెబ్బతిన్నాను. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో లోపలి గోడ నుంచి గోడకి కొలుచుకుని, మూడు లాంతర్ల వైపు ఒక కొట్లో సరిగ్గా పట్టే స్టీలు తీగ బుట్టలు మూడు కొన్నాను. లోపల పెడితే చక్కగా కూర్చున్నాయి. ముందుకి లాగితే పక్క బుట్టలు రెండూ తలుపు దగ్గర ఆగిపోయాయి. తలుపు తెరిచినప్పుడు కీలు ఉన్న వైపు తలుపు అంచు లోపలికి అంగుళం పైచిలుకు పొడుచుకొస్తుంది. ఆ సంగతి నాకు తట్టలేదు. వాడిన బుట్టలు కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోలేదు. నాలుగేళ్ళు వాటిలో ఉల్లిపాయలు పోసుకున్నాను.

అందుకని రెండు తలుపులూ పూర్తిగా తెరిచి, వాటి లోపలి అంచుల మధ్య ఎంత ఉందో టేపుతో కొలువు. మీ తలుపులకి చెరో వైపు అంగుళంన్నర పోయినా 31 అంగుళాలు దొరుకుతాయి. కింది అరలో పక్కపక్కన మూడు గదులు అనుకో, ఒక్కో గదికి 10 అంగుళాలు. లాగి తీసేది ఏదైనా 10 అంగుళాల వెడల్పు దాటకూడదు. పొడవు 18 చాలు, చివర రెండంగుళాలు వదిలితే తలుపు బుట్టకి కొట్టుకోదు. పక్క గోడలకి ఆనించి అంగుళంన్నర వెడల్పు చెక్క బద్దలు రెండు పడుకోబెట్టు. అప్పుడు బుట్ట గోడ వైపు జరిగిపోకుండా తలుపు అంచుకి తగలకుండా సూటిగా వస్తుంది. అద్దె ఇల్లు కదా, మేకులు అక్కర్లేదు, ఊరికే పెడితే చాలు.

ఎడమ గదిలో పళ్ళాలు నిలబెట్టుకునే స్టాండు లాంటిది పెట్టు, కాస్త గట్టి తీగది. పెనం, అట్ల పెనం, ఫ్రై ప్యాన్, చిన్న మూకుడు అన్నీ పుస్తకాల్లా నిలబడతాయి. నీ అట్ల పెనం 11 అంగుళాలు, పిడి ఇంకో 7. మొత్తం 18, నీకున్న లోతు 20. పిడి నీ వైపు వచ్చేలా పెడితే పట్టుకుని లాగడమే. ఈ స్టాండుని కదపాల్సిన పని లేదు. కొనేటప్పుడు సందుల మధ్య రెండంగుళాలు ఉన్నాయో లేదో చూడు. పళ్ళాల స్టాండులో సందులు ఇరుగ్గా ఉంటాయి, మూకుడు అందులో దిగదు. బూరెల మూకుడు ఇక్కడ పెట్టకు, అది సంక్రాంతికీ దసరాకీ తీసేది, అటక మీదకి పంపించు.

మధ్య గదిలో బుట్ట. మిక్సీ జార్లు మూడూ నిలబెట్టి, వాటి మూతలు పక్కన. బ్లేడు కిందకి ఉంటుంది కాబట్టి చెయ్యి తెగదు. జార్లని కడిగి, బోర్లించి ఆరబెట్టాకే లోపల పెట్టు. తడి జారు మూత వేసి పెడితే వాసన వస్తుంది, కింద ఉన్న రబ్బరు కూడా తొందరగా పాడవుతుంది.

కుడి గదిలో బుట్టా వద్దు, స్టాండూ వద్దు. అయిదు లీటర్ల కుక్కరు నేల మీదే ఉండనీ. బరువైనది తీగ బుట్టలో పెట్టి రోజూ లాగితే అడుగు కిందికి వంగుతుంది. గాస్కెటూ వెయిటూ ఒక చిన్న డబ్బాలో వేసి కుక్కరు లోపలే పెట్టు, వాటి కోసం వెతికే పని ఉండదు. మూత తిరగేసి కుక్కరు మీదే.

ఇక పై అర. అక్కడ డబ్బాలు వరుసల వెనక వరుసలు, చివరి వరుస నువ్వు ఏడాదిగా చూసి ఉండవు. నాలుగంగుళాల ఎత్తు మెట్టు స్టాండు రెండు తెచ్చి వెనక భాగంలో పెట్టు. మీ ఏడంగుళాల డబ్బా దాని మీద పెడితే పదకొండు అవుతుంది, పై బండకి ఇంకో అంగుళం ఖాళీ ఉంటుంది. ముందు వరుసకి స్టాండు లేదు కాబట్టి వెనక డబ్బాలు నాలుగంగుళాలు పైకి కనిపిస్తాయి. రెండు వరుసలే, మూడోది వద్దు. చోడి పిండి, కందిపప్పు, పెసరపప్పు లాంటి రోజూ వాడేవి ముందు, మినప్పప్పు, శనగపప్పు వెనక. పేరు కాగితం డబ్బా పక్కన కాదు, మూత మీద అంటించు. గట్టు కింద అలమరని మనం పైనుంచి వంగి చూస్తాం, పక్కన రాసింది కనిపించదు. ఇది నాకు మీ పెద్దనాన్న చెప్పారు, అంతవరకూ నాకు తోచలేదు.

సగం వాడిన ప్యాకెట్లు డబ్బాల మీద పడుకోబెట్టకు. ఒక చిన్న బుట్టలో నిలువుగా, ఫైళ్ళు పెట్టినట్టు పెట్టి క్లిప్పు వెయ్యి. ఆ బుట్ట నిండితే కొత్త ప్యాకెట్టు తేవద్దు. వంటింట్లో సరుకు ఎక్కువైందని చెప్పేది ఆ బుట్టే.

పచ్చడి జాడీ గురించి ఒక మాట. తీగ బుట్టలో దాన్ని పెట్టొద్దు. ఉప్పూ నూనే కారి తీగ అతుకుల్లో దిగుతుంది, అక్కడే తుప్పు మొదలవుతుంది. మనది సముద్రం దగ్గరి గాలి, వానాకాలం అంతా తడి. తీగ బుట్ట కొనేటప్పుడు తిరగేసి అడుగున అతుకులూ తీగ కొసలూ చూడు. పూత లేచి ఉన్నా, కొస పచ్చిగా ఉన్నా ఒక్క సీజన్‌లో ఎర్రబడుతుంది. జాడీకి ప్లాస్టిక్ ట్రే చాలు. బుట్టల కింద పాత పేపరు పరచకు, తడి పీల్చుకుంటుంది, దాని కింద బొద్దింకలు గుడ్లు పెడతాయి. ఏమీ పరచకుండా ఉంచి వారానికొకసారి పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

మూతలు మిగిలాయి. ఫోటోలో లెక్కపెట్టాను, ఏడున్నాయి. గిన్నె లేని మూతలు మూడు తీసేసి నాలుగు మిగుల్చుకో. వాటికి తలుపుల లోపలి వైపే సరైన చోటు, బండ ముందు 4 అంగుళాల ఖాళీ వాటి కోసమే ఉన్నట్టుంది. ఒక్కో మూతకి రెండు అంటించే హుక్కులు కావాలి. తొమ్మిదంగుళాల మూతకి హుక్కులు ఆరంగుళాల దూరంలో ఒకే వరుసలో పెట్టు. మూత అంచు ఆ రెంటి మీద ఒరిగి కూర్చుంటుంది, పిడి లోపలికి చూస్తుంది. తలుపులకి మైకా ఉంది కాబట్టి పట్టుకుంటుంది. గరుకు రంగు గోడ మీదా సున్నం మీదా అయితే ఊడిపోతుంది, ప్రయత్నించకు.

హుక్కులు ఊడిపోతున్నాయని చాలామంది అంటారు. కారణం ఎక్కువసార్లు తొందర. వంటింటి తలుపు మీద కంటికి కనిపించని నూనె పొర ఉంటుంది. సబ్బు నీళ్ళతో తుడిచి, ఆరాక స్పిరిట్ దూదితో మళ్ళీ తుడువు. అంటించాక అరచేత్తో అర నిమిషం గట్టిగా నొక్కు. ఆ తరవాత ఒక రోజంతా ఏమీ తగిలించకు. వాన రోజున ఈ పని చెయ్యకు, తలుపు చల్లగా, తేమగా ఉంటుంది. బరువు మూతలు, గాజు మూతలు అక్కడ వద్దు, జారితే కాలి మీద పడతాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు హుక్కు మీద వేడి నీళ్ళలో పిండిన గుడ్డ కాసేపు వేసి, గట్టి దారం వెనక్కి దూర్చి రంపంలా లాగితే మైకా చెడకుండా వస్తుంది.

గరిటెలకి హుక్కులు అలమరలో వద్దు. వాటిని పొయ్యి పక్క టైల్స్ మీద తగిలించుకో, కానీ మంటకి సూటిగా కాకుండా రెండడుగుల పక్కకి. వేడికి జిగురు మెత్తబడి హుక్కు ఊడిపోతుంది.

కొనాల్సినవి రాసుకో. గట్టి స్టాండు ఒకటి, 10 అంగుళాల వెడల్పు బుట్ట ఒకటి, చిన్న బుట్ట ఒకటి, మెట్టు స్టాండులు రెండు, హుక్కులు ఎనిమిది, జాడీకి ట్రే. ఇంతే. కొనేముందే అలమర మొత్తం ఖాళీ చెయ్యి, కొనేశాక కాదు. ఖాళీ చేస్తే సామాను తగ్గుతుంది, మెట్టు స్టాండు ఒకటి చాలని తేలొచ్చు.

తలుపులు పూర్తిగా తెరిచి, మధ్యలో టేపు పట్టుకుని ఇంకో ఫోటో తీసి పంపు. అంకె స్పష్టంగా కనబడాలి. అది చూసి బుట్ట కొలత ఖాయం చేస్తాను, అప్పటిదాకా కొట్టుకి వెళ్ళకు. ఇత్తడి గిన్నెని చింతపండుతో తోమి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి హాల్లో షెల్ఫులో పెట్టు, ఆ అలమరలోకి మళ్ళీ పంపకు.

నీ పెద్దమ్మ